సెక్యూరిటీ చెక్కు: ప్రోనోటుకి రాసే చెల్లు చెక్కుకి ఎందుకు రాయం?

"ఏటండీ, సెక్యూరిటీకని కదా ఇచ్చినాను, బేంకులో ఎలగేసేస్తాడు?"

చెక్కు బౌన్సు నోటీసు చేతిలో పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కే మనిషి మొదట అడిగేది ఇదే. శ్రీకాకుళం కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టినప్పటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆయన లెక్కలో చెక్కులు రెండు రకాలు. ఒకటి డబ్బు ఇవ్వడానికి రాసేది, రెండోది తాకట్టు పెట్టిన ఉంగరంలా అవతలివాడి బీరువాలో ఉండేది. చట్టంలో ఈ తేడా లేదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో సెక్యూరిటీ చెక్కు అనే రకమే కనిపించదు. ఉన్నది చెక్కు ఒక్కటే. దాన్ని ఏ పని కోసం ఇచ్చారన్నది మీరూ అప్పిచ్చిన ఆయనా రాసుకున్న కాగితంలో ఉండాలి. ఆ కాగితంలో సాధారణంగా ఏమీ ఉండదు.

పలాసలో చిన్న జీడిపప్పు యూనిట్ నడిపే ఒకాయన కేసు చెబితే ఇది బాగా అర్థమవుతుంది. మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను, లెక్క తేలిగ్గా ఉండేలా అంకెలు సరిచేశాను. గింజ కొనే సీజన్‌లో, 2021 ఏప్రిల్ 15న, తెలిసిన షావుకారు దగ్గర 8 లక్షలు తీసుకున్నాడు. డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడింది. నూటికి రూపాయిన్నర వడ్డీ, అంటే నెలకి 12,000. అసలు ఏడాదిలో, 2022 ఏప్రిల్ 15 నాటికి తీర్చాలి. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకున్నారు. అందులో చెక్కుల గురించి ఉన్నది ఒకే వాక్యం: "ఈ అప్పు నిమిత్తం రెండు చెక్కులు సెక్యూరిటీగా ఇవ్వడమైనది." చెక్కు నంబర్లు లేవు, బ్యాంకు పేరు లేదు. అవి ఖాళీగా ఇచ్చాడో, అంకె వేసి ఇచ్చాడో కూడా లేదు. నిజానికి రెండింటి మీదా సంతకం తప్ప ఇంకేమీ లేదు.

డిసెంబరు వరకు వడ్డీ నెలనెలా వెళ్ళింది. 2022 జనవరి 15న ఆ నెల వడ్డీతో పాటు అసలులో 3 లక్షలు బ్యాంకు ద్వారానే కట్టాడు. అక్కడితో ఆగిపోయింది. గడువు దాటింది, ఫోన్లు ఎత్తడం మానేశాడు. షావుకారు ఒక చెక్కు తీసి, 2022 జూన్ 15 తేదీ వేసి, ఒప్పందంలో ఉన్న అంకె చూసి 8,00,000 రాసి బ్యాంకులో వేశాడు. ఖాతాలో సొమ్ము లేదని తిరిగొచ్చింది. చెక్కు బౌన్సుని నేరంగా చూసే సెక్షన్ 138 కింద నోటీసు పంపాడు, తర్వాత కేసు పెట్టాడు.

మన జీడిపప్పు వ్యాపారి చేతిలో ఉన్న ఒకే ఒక్క వాదన, అది సెక్యూరిటీ చెక్కు అని. ఆ మాటకి నిజంగా ఎంత బలం ఉంది?

సుప్రీంకోర్టు 2016లో తేల్చిన సంపెల్లి సత్యనారాయణరావు కేసు చూడండి. అదీ మన రాష్ట్రానికి సంబంధించిన అప్పే. ఆంధ్రప్రదేశ్‌లో 4 మెగావాట్ల బయోమాస్ విద్యుత్ ప్రాజెక్టుకి ఇరెడా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 11.50 కోట్ల రుణం ఇచ్చింది. రుణ ఒప్పందంలో, అప్పుకి సెక్యూరిటీ ఏమేమిటో చెప్పే చోట, అసలు, వడ్డీ వాయిదాల కోసం ముందు తేదీలు వేసిన చెక్కులు డిపాజిట్ చేయాలని ఉంది. చెక్కులు బౌన్సయ్యాయి. ఒప్పందంలోనే సెక్యూరిటీ అని ఉంది కాబట్టి నేరం వర్తించదని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. కాగితం మీద సెక్యూరిటీ అని ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు, చెక్కు మీద ఉన్న తేదీ నాటికి చట్టప్రకారం వసూలు చేసుకోదగ్గ బాకీ ఉందా లేదా అన్నదే ప్రశ్న అంది. అక్కడ అప్పు విడుదలైంది, వాయిదాల తేదీలు వచ్చాయి, కాబట్టి బాకీ ఉంది. సరుకు ఆర్డరుకి అడ్వాన్సుగా చెక్కు ఇచ్చి, ఆ ఆర్డరే రద్దయిన ఇండస్ ఎయిర్‌వేస్ కేసులో 2014లో అదే కోర్టు నేరం లేదంది, ఎందుకంటే చెక్కు తేదీకి బాకీయే పుట్టలేదు.

2021లో జార్ఖండ్ నుంచి వచ్చిన శ్రీపతి సింగ్ కేసులో ఇంకాస్త విడమరిచి చెప్పారు. సెక్యూరిటీగా ఇచ్చినంత మాత్రాన చెక్కు పనికిమాలిన కాగితం అయిపోదు. తీర్చాల్సిన గడువు వచ్చి, అప్పు వేరే దారిలో తీరకపోతే, ఆ చెక్కు బ్యాంకులో వేయడానికి అర్హమవుతుంది. గడువు రాకముందే వేసినా, ఈలోగా బాకీ వేరే రకంగా తీరిపోయినా, గడువు పొడిగించుకుందామని ఇద్దరూ అనుకున్నా సంగతి వేరు.

అంటే, మా ఆఫీసుకొచ్చే మనిషి అనుకునేది ఒక పక్క తప్పు, ఒక పక్క సగం నిజం. సెక్యూరిటీ అనే మాట గొడుగు కాదు. కానీ అది ఒక షరతు ఉందని చెబుతుంది. ఇంత జరిగితేనే వేయాలి, అప్పటిదాకా వేయకూడదు అన్న షరతు. ఆ "ఇంత" ఏమిటో ఒప్పందంలో రాయకపోతే సాక్షి బోనులో నిలబడి నోటితో చెప్పుకోవాలి. అక్కడ బరువు ఎవరి నెత్తిన ఉంటుందో తెలుసా? చెక్కు మీద సంతకం నాదే అని ఒప్పుకున్న క్షణం నుంచి, అది బాకీ కోసమే ఇచ్చారని కోర్టు అనుకుని మొదలుపెడుతుంది. సెక్షన్ 139 చెప్పేది అదే. కాదని చూపించుకోవాల్సింది చెక్కు ఇచ్చినవాడు. ఖాళీ చెక్కే ఇచ్చాను, అంకెలు ఆయనే వేసుకున్నాడు అంటే కూడా తప్పించుకోలేరు. ఇష్టపడి సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కుని అవతలివారు నింపినా కోర్టు అలాగే అనుకుని మొదలుపెడుతుందని 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పేశారు.

ఇంతవరకు చదివితే షావుకారు గెలిచినట్టే అనిపిస్తుంది. గడువు దాటింది, బాకీ ఉంది, సంతకం ఉంది.

కానీ ఓడిపోయాడు. బాకీ ఉండి కూడా ఓడిపోయాడు.

లెక్క వేయండి. జనవరిలో 3 లక్షలు కట్టాక అసలు 5 లక్షలు. దాని మీద నెలకి 7,500. జనవరి 15 నుంచి జూన్ 15 వరకు ఐదు నెలలకి 37,500. చెక్కు మీద వేసిన తేదీ నాటికి నికర బాకీ 5,37,500. చెక్కు మీద ఉన్నది 8,00,000. ఈ కేసు నడుస్తుండగానే, 2022 అక్టోబరులో, సుప్రీంకోర్టు దశరథ్‌భాయ్ పటేల్ కేసు తీర్పు వచ్చింది. అక్కడా ఇదే సంగతి. 20 లక్షల చెక్కు సెక్యూరిటీగా ఇచ్చాడు, ఈలోగా 4 లక్షల చిల్లర తీర్చాడు, అవతలాయన మొత్తం 20 లక్షలకీ చెక్కు వేశాడు. చెక్కు ఇచ్చాక కొంత తీర్చి ఉంటే, చెక్కు వేసే నాటికి ఉన్న బాకీ చెక్కు మీది మొత్తం కాదు, కాబట్టి సెక్షన్ 138 నేరం నిలవదు అంది కోర్టు. కొంత ముట్టినప్పుడు సెక్షన్ 56 ప్రకారం ఆ సంగతి చెక్కు మీద రాసి, మిగిలినదానికే వాడుకోవచ్చు. అలా రాయకుండా మొత్తానికి వేస్తే కుదరదు.

మన షావుకారు చెక్కు నింపింది కొంత ముట్టిన తర్వాతే కదా, ఇది వేరే కదా అని ఆయన వకీలు గట్టిగానే వాదించారు. కానీ తేదీ వేసిన రోజుకి బాకీ ఎంత అన్న ప్రశ్న దగ్గరికే మళ్ళీ వచ్చి ఆగింది. ఖాళీ చెక్కు అవడం వల్ల ఆయన పరిస్థితి ఇంకా ఇబ్బందైంది. సరైన అంకె వేసే వీలు చేతిలో ఉండీ వేయలేదు.

సెక్షన్ 56 గురించి చదివినప్పుడల్లా నాకు మా తాతగారి ప్రోనోట్ల కట్ట గుర్తొస్తుంది. మన ఊళ్ళలో ఎవరికీ చట్టం తెలియకపోయినా, నోటు మీద పదివేలు జమ చేస్తే వెంటనే నోటు వెనక్కి తిప్పి చెల్లు రాయించుకునేవారు. తేదీ, ముట్టిన మొత్తం, సంతకం. అది చేయకుండా డబ్బు ఇచ్చేవాడు ఉండేవాడు కాదు. అదే మనిషి చెక్కు దగ్గరికి వచ్చేసరికి చెల్లు సంగతే మరిచిపోయాడు. చెక్కు బీరువాలో ఉంది, డబ్బు ఫోన్‌పేలో వెళ్తోంది, రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోవు.

అయితే ప్రోనోటు వెనక రాసినంత తేలిగ్గా చెక్కు వెనక రాసి ఊరుకోమని నేను చెప్పను. ఇప్పుడు క్లియరింగ్ చెక్కు బొమ్మ మీద నడుస్తుంది. ముందువైపు అంకె ఒకటీ వెనక రాత ఇంకొకటీ అయితే కౌంటరు దగ్గరే తకరారు రావచ్చు. అంకెలు కొట్టేసి దిద్దితే అసలు తీసుకోరు. పాత చెక్కు తిరిగిచ్చి, మిగిలిన బాకీకి కొత్తది తీసుకోవడమే శుభ్రమైన పద్ధతి. ఈ పని ఎప్పుడు, ఎలా చేయాలో ఒప్పందంలో ముందే ఉండాలి.

నేను ఇప్పుడు ఒప్పందాలు రాసేటప్పుడు పెట్టే పేరా ఇది. గొప్ప భాషేమీ కాదు:

"రుణగ్రహీత తన (బ్యాంకు పేరు), (శాఖ) లోని (ఖాతా నంబరు) ఖాతాకి చెందిన 000417 నంబరు చెక్కుని, సంతకం చేసి, తేదీ, మొత్తం రాయకుండా, ఈ రోజు రుణదాతకు ఇచ్చారు. ఈ చెక్కు ఈ ఒప్పందం కింద చెల్లించవలసిన అసలు, వడ్డీలకు మాత్రమే హామీ, మరే ఇతర బాకీకీ కాదు. గడువు తేదీ దాటి 15 రోజుల్లోగా బాకీ చెల్లించని పక్షంలో, రుణదాత అప్పటి లెక్కను రుణగ్రహీతకు రాతపూర్వకంగా పంపి, అది అందిన 7 రోజుల తర్వాత, ఆ రోజుకు నికరంగా మిగిలిన బాకీని మాత్రమే చెక్కులో పూరించి బ్యాంకులో వేయవచ్చు. అంతకు మించి పూరించే అధికారం గాని, అంతకు ముందు వేసే అధికారం గాని రుణదాతకు లేదు. బాకీ పూర్తిగా తీరిన 7 రోజుల్లో చెక్కు తిరిగి ఇచ్చి రసీదు తీసుకోవాలి."

ఇది చూపిస్తే షావుకార్లు ముందు మొహం చిట్లిస్తారు. "ఇదంతా అవతలోడి పక్షానే ఉంది గదండీ" అంటారు. అప్పుడు జీడిపప్పు కేసు చెబుతాను. నికర బాకీ మాత్రమే పూరించాలి అన్న ముక్క ఆ షావుకారు ఒప్పందంలో ఉండి ఉంటే, చెక్కు నింపేటప్పుడు ఆయన కాగితం తీసి చూసుకునేవాడు, లెక్క వేసేవాడు, 5,37,500 రాసేవాడు. 2,62,500 ఎక్కువ రాసి మొత్తం కేసు పోగొట్టుకునేవాడు కాదు. ఆ పేరా అప్పిచ్చినవాడి చేతులు కట్టేసేది కాదు, ఆయన చేతిలోని చెక్కు చెల్లుబాటు కావడానికి ఏ అంకె రాయాలో చెప్పేది. నింపే అధికారం ఇస్తున్నట్టు రాతలో ఉండటం వల్ల, నా అనుమతి లేకుండా నింపాడు అనే వాదన కూడా మొదట్లోనే పోతుంది.

ముందు తేదీలతో, వాయిదాకొక చెక్కు చొప్పున ఇచ్చే పద్ధతి అయితే పని ఇంకా తేలిక. నాలుగు వాయిదాలైతే నాలుగు చెక్కులు, ఒక్కో దాని ఎదురుగా నంబరు, తేదీ, మొత్తం, అది ఏ వాయిదాకో పట్టికలో రాస్తే చాలు. ఏదైనా వాయిదా ఆన్‌లైన్‌లో కట్టేస్తే ఆ నంబరు చెక్కు వెంటనే వెనక్కి రావాలని ఒక వాక్యం. నన్నడిగితే ఖాళీ చెక్కు కంటే ఇదే నయం. ఎవరికీ నింపే పని ఉండదు, కాబట్టి తప్పు నింపే పనీ ఉండదు. కాకపోతే చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలే దానికి ఆయుష్షు. అది దాటనిచ్చి బాధపడితే లాభం లేదు.

"ఈ చెక్కు సెక్యూరిటీ కోసం మాత్రమే, ఎట్టి పరిస్థితుల్లోనూ బ్యాంకులో వేయరాదు" అని కొందరు రాయించుకుంటారు. అప్పు తీసుకునేవాడికి అది ధైర్యంగా ఉంటుంది. నాకు అది నచ్చదు. ఎప్పటికీ వేయకూడని చెక్కుని అవతలివాడు ఎందుకు ఉంచుకుంటాడు? ఏ రోజో వేస్తాడు, మీరు ఈ వాక్యం చూపిస్తారు, ఆయన చెక్కు తేదీ నాటికి బాకీ ఉందని చూపిస్తాడు. పైన చెప్పిన తీర్పుల వరుసలో కోర్టు ఎటు చూస్తుందో మీకు ఇప్పటికే తెలుసు. ఎప్పుడు వేయకూడదో కాదు, ఎప్పుడు వేయవచ్చో రాయించుకోండి. మిగతా రోజులన్నీ దానికదే మీ వైపుకి వస్తాయి.

మన జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది, బయట పెద్దగా ఎవరూ పట్టించుకోరు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. తర్వాత పాత చెక్కు పుస్తకాలు చెల్లకుండా పోయాయి. గ్రామీణ బ్యాంకుల్లోనూ 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగూ ఒకటయ్యాయి. బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉన్న పాత బ్యాంకు చెక్కుకి అప్పు తీర్చే శక్తి ఎంతో ఒకసారి ఆలోచించండి. చెల్లని చెక్కు తిరిగొస్తే, అది సెక్షన్ 138 కిందకి వస్తుందా లేదా అన్న దగ్గరే మొదటి వాయిదాలన్నీ గడిచిపోతాయి. రెండేళ్ళకి మించిన అప్పుల్లో, బ్యాంకు మారినా ఖాతా మారినా 15 రోజుల్లో పాతది తీసుకుని కొత్త చెక్కు ఇవ్వాలి అని ఒక ముక్క చేరుస్తాను.

చెక్కు తిరిగొచ్చాక గడువులు అందరికీ తెలిసినవే. బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక కట్టడానికి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు కేసు. నోటీసులో అడిగే మొత్తం చెక్కు మీద ఉన్న మొత్తమే అయి ఉండాలి. వేరే ఖర్చులు అడగాలంటే విడిగా చూపించాలి. కేసు అప్పిచ్చినాయన ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టుకి వెళ్తుంది కాబట్టి, పలాసలో అప్పు తీసుకున్న మనిషి విజయనగరం తిరగాల్సి రావచ్చు. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. విచారణ మధ్యలోనే, నేరం ఒప్పుకోని నిందితుణ్ణి 20 శాతం వరకు మధ్యంతర పరిహారం కట్టమని కోర్టు అడగవచ్చు. సెక్యూరిటీయే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళకి ఈ 20 శాతం ఆర్డరు వచ్చిన రోజే విషయం బోధపడుతుంది.

మళ్ళీ మనవాళ్ళ దగ్గరికి వస్తాను. మేజిస్ట్రేట్ కోర్టులో కేసు కొట్టేసింది 2025 మార్చిలో. అప్పు తీర్చాల్సిన గడువు 2022 ఏప్రిల్ 15 కాబట్టి, సివిల్ దావా వేయడానికి మూడేళ్ళ కాలం 2025 ఏప్రిల్‌లో ముగుస్తుంది. చెక్కు కేసు నడుస్తోంది కదా అని షావుకారు అంతవరకు దావా సంగతే తలపెట్టలేదు. క్రిమినల్ కేసు నడుస్తున్నంత మాత్రాన సివిల్ గడువు ఆగదు. నెల రోజుల్లో కోర్టు ఫీజు కూర్చుకుని పరుగులు పెట్టాడు. దావాలో బాకీ 5 లక్షలు, దానిమీద వడ్డీ అనే రాశాడు. ఈసారి లెక్క సరిగ్గా వేశాడు. దావా వేశాక నాలుగు నెలలకే ఇద్దరూ కూర్చుని సర్దుకున్నారు.

సర్దుబాటు రోజు మా ఆఫీసులోనే ఆ రెండో చెక్కు మాట వచ్చింది. ఒప్పందంలో రెండు అని ఉంది, ఒకటి కోర్టు ఫైలులో ఉంది. రెండోది ఎక్కడ? షావుకారు ఎక్కడో పోయిందన్నాడు. అబద్ధం చెప్పాడని నేననను. నాలుగేళ్ళలో ఇల్లు మారాడు. పోయినట్టు రాతపూర్వకంగా రాసి, ఎవరి చేతిలో దొరికినా అది చెల్లదని సంతకం పెట్టించాం. దాని చెల్లింపు ఆపమని జీడిపప్పు వ్యాపారి బ్యాంకుకి ఉత్తరం రాయాలి. బాకీ ఉండగా స్టాప్ పేమెంటు ఇస్తే అది కూడా సెక్షన్ 138 కిందకే వస్తుంది గాని, ఇక్కడ బాకీ తీరిపోయింది, భయం లేదు. ఉత్తరంలో చెక్కు నంబరు రాయాలి కదా. ఎవరికీ తెలియదు. ఒప్పందంలో లేదు, చెక్కు పుస్తకం అట్ట ఎప్పుడో చెత్తలోకి వెళ్ళింది. ఆయన కొడుకు ఫోన్లో 2021 నాటి స్టేట్‌మెంట్ తీసి, క్లియరైన చెక్కుల నంబర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. వరుసలో రెండు నంబర్లు కనిపించలేదు. ఒకటి కోర్టు ఫైలులో ఉన్న చెక్కుది. ఇంకొకటి దాని పక్కదే. ఆ నంబరు రాసి, సంతకం పెట్టి, బ్యాంకు మూసే వేళకి పావుగంట ముందు ఇచ్చేశారు.